అరకు కాఫీ తోట హోమ్‌స్టే వెబ్‌సైట్ హెడర్‌కు లో పాలీ బొమ్మ: ప్రాంప్ట్

అరకు లోయ, నవంబరు చివర, వలిసె పూలు విరగబూసిన రోజులు, పొద్దున్న ఏడు గంటల వేళ. ఈ దృశ్యాన్ని లో పాలీ శైలిలో గీయి. కాఫీ తోటలో ఉన్న హోమ్‌స్టే వెబ్‌సైట్‌కు హోమ్ పేజీ పైన అడ్డంగా వచ్చే హెడర్ ఇది. వెడల్పు 2400, ఎత్తు 800 పిక్సెళ్లు.

కొండ, చెట్టు, ఇల్లు, ఆకాశం అన్నీ త్రిభుజపు పలకలే. ఒక పలకకు ఒకే రంగు, అంచు దాకా. గ్రేడియంట్ వద్దు, టెక్స్చర్ వద్దు, నల్ల గీతలతో అంచులు వద్దు; పక్క పలక రంగు మారడం వల్లే మడత తెలియాలి, గట్టి కాగితం మడిచి నిలబెట్టినట్టు. ఎండ కుడివైపు నుంచి, ఏటవాలుగా. కుడికి తిరిగిన ముఖాలు లేత, పైకి తిరిగినవి మధ్యరకం, ఎడమవి ముదురు. మెత్తటి నీడలు ఎక్కడా కనిపించకూడదు.

రంగులు ఈ తొమ్మిదే. పదోది వద్దు:

```
ఆకాశం, మంచు    #F4EBD9
దూరపు కొండలు   #B9C4C6 #8A9FA6
చెట్లు, తోట      #7FA06A #44745A #1F4239
వలిసె పూలు     #F0C53A #C9962A
పెంకులు, మట్టి   #A84B32
```

వెనక మూడు వరుసల కొండలు, దూరం పోయేకొద్దీ పాలిపోతూ. ఇవి తూర్పు కనుమలు: నెత్తిన గుండ్రం, ఒళ్లంతా పచ్చదనం. లో పాలీ అనగానే ఊడిపడే మంచు శిఖరాలు, పైన్ చెట్లు, సరస్సు ఇక్కడ పనికిరావు. కొండల మధ్య లోయలో మంచు కూడా పలకలుగానే ఉండాలి, పొగలా కాదు.

చెట్లు సిల్వర్ ఓక్‌లు, కాఫీకి నీడనిచ్చేవి. ఆరు ముఖాల సన్నటి నిటారు కాండం. పైన ఒకదానిమీద ఒకటి మూడు నాలుగు ఇరుకైన పలకల ముద్దలు, కొన కాస్త పక్కకు. క్రిస్మస్ చెట్టులా కింద వెడల్పు, పైన మొన అయితే తప్పే. మిరియాల తీగ పాకింది కనుక కాండం కింది సగం ముదురాకుపచ్చ. చెట్టు మొదట్లో కాఫీ పొదలు: ఇరవై ముఖాల బంతిని నెత్తిన తట్టి అణిచినట్టు. పద్నాలుగు చెట్లు చాలు, ఎత్తులు మారుతూ, రెండు మూడు గుంపులుగా.

ముందు భాగమంతా వలిసె పొలం. పువ్వులు విడివిడిగా గీయొద్దు, పెద్ద పసుపు పలకలు పరిస్తే చాలు. ఆ కాలంలో అరకు చూసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. మధ్య గీతకు కొంచెం కుడిగా ఒక చిన్న పెంకుటిల్లు. ఫోన్‌లో రెండు పక్కలా కత్తిరింపు పడినా అది మిగలాలి. ఎడమ 40 శాతంలో పొలానికి పైన ఆకాశం, మంచు మాత్రమే, పలకలు పెద్దవిగా, రంగు తేడా లేకుండా: దాని మీద ముదురాకుపచ్చ అక్షరాలు వస్తాయి.

మనుషులు, పక్షులు, అక్షరాలు, లోగో, సూర్యబింబం వద్దు. నాలుగు బొమ్మలు ఇవ్వు. ఒకదానికీ ఒకదానికీ చెట్ల గుంపుల అమరిక తప్ప ఏదీ మారకూడదు.