శని, ఆదివారాలకు బొలెరో పికప్ ఇవ్వమని మిత్రునికి లేఖ

రామగిరి, నల్లగొండ
18 నవంబరు 2024, సోమవారం

మిత్రుడు యాదగిరికి,

నీవు, ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాను. ఈ మాట కనగల్ వచ్చి నీ ముందు కూర్చుని అడగవలసింది. కానీ ఈ నెల మొదటి వారం నుంచి పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి ఇంటింటి సర్వే కావడంతో ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. ఫోనులో అడగవచ్చు గాని, ఫోనులో అడిగితే నీవు వెంటనే "తీసుకపోరా" అంటావు. అలా కాకుండా వివరాలన్నీ చదివి, నీ పనులు చూసుకొని జవాబు చెప్పాలనే ఈ ఉత్తరం రాసి మా మేనల్లుడు శ్రీకాంత్ చేతికి ఇచ్చి పంపుతున్నాను.

విషయం ఏమిటంటే, వచ్చే శనివారం, అంటే 23వ తేదీ ఉదయం 6 గంటల నుంచి 24వ తేదీ ఆదివారం సాయంత్రం 6 గంటల వరకు నీ బొలెరో పికప్ నాకు కావాలి. దానితోపాటు వడ్ల మీద కప్పే పెద్ద తాటిపత్రి ఒకటి, రెండు మోకులు కూడా ఇవ్వగలిగితే మేలు.

నాయన పోయి పదకొండు నెలలయింది. అప్పటి నుంచి అమ్మ అచ్చంపేట దగ్గర ఊళ్లో ఒంటరిగానే ఉంటోంది. ఎన్నిసార్లు పిలిచినా సంవత్సరీకం దాకా ఆ ఇల్లు విడవనని పట్టుబట్టింది. మొన్న దీపావళికి వెళ్లినప్పుడు మోకాళ్ల నొప్పులతో బోరు దగ్గర నుంచి బిందె కూడా మోయలేకపోవడం మేమే కళ్లారా చూశాము. చివరికి ఒప్పుకుంది గాని, "నా సామాన్లన్నీ తెస్తెనే వస్త, ఒక్కటి ఇడిసినా రాను" అని షరతు పెట్టింది. ఆ సామాన్లు ఏమిటో చెబితే బండి మీద పడే బరువు నీకే అర్థమవుతుంది. ఒక ఇనుప బీరువా, నాయన చేయించిన టేకు మంచం, నవారు మంచం, కుట్టుమిషను, రెండు ఇత్తడి కాగులు, నాలుగు బస్తాల బియ్యం, ఒక బస్తా కందులు, వంట సామాన్లు, పరుపులు, ఇసుర్రాయి. ఇసుర్రాయి నల్లగొండలో ఎవరు తిప్పుతారో నాకు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. ఎంత లెక్క వేసినా మొత్తం ఒక టన్నుకు లోపే ఉంటుంది. నీవు మార్కెట్టుకు బత్తాయి వేసుకొని పోయే లోడుకంటే ఇది తక్కువే.

కిరాయి బండి మాట్లాడుకోవచ్చు కదా అని నీకు అనిపించవచ్చు. ప్రయత్నించాను. ఇప్పుడు ఏ ఊళ్లో చూసినా ట్రాలీలు, పికప్‌లు కొనుగోలు కేంద్రాలకు వడ్లు మోస్తున్నాయి. దొరికిన ఒకరిద్దరు కూడా రాత్రి అక్కడ ఉండాలంటే రెండు రోజుల కిరాయి, డ్రైవరు బత్తా విడిగా అడుగుతున్నారు. పైగా అమ్మ ఒక్కొక్క సామాను ముట్టి, చూసి, ఏది ఎక్కడ పెట్టాలో చెప్పి ఎక్కించేదాకా ఓపిక పట్టే డ్రైవరు ఈ సీజన్‌లో దొరకడు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. నాలుగేళ్ల కిందట నాయన పత్తికి మందు కొట్టాలని నీ తైవాన్ స్ప్రేయర్ తీసుకుపోయి, ఆదివారం ఇస్తానని చెప్పి బుధవారం ఇచ్చాను. నీవు ఒక్క మాట అనలేదు. ఆ మూడు రోజులు మందు పడక నీ తోటలో కాయకు మంగు ఎక్కువైందని, ఆ కాయ మార్కెట్టులో రేటు పలకలేదని మీ అమ్మ మాటల మధ్యలో అంటే ఏడాది తరువాత నాకు తెలిసింది. అప్పుడే చెప్పవలసిన క్షమాపణ ఇప్పుడు చెబుతున్నాను. ఈసారి తిరిగి ఇచ్చే వేళను ఇంత ఖచ్చితంగా రాయడానికి కారణం అదే. సోమవారం తెల్లవారుజామున నీ బత్తాయి లోడు నల్లగొండ మార్కెట్టుకు పోవాలని నాకు తెలుసు. ఆ బండి నీకు సోకు కాదు, బువ్వ.

నా ప్రయాణం ఈ విధంగా అనుకున్నాను. శనివారం సెలవు పెట్టాను, నా వంతు సర్వే ఇళ్లు శుక్రవారానికి పూర్తవుతాయి. శనివారం 6 గంటలకు మోటారు సైకిలు మీద మీ ఇంటికి వచ్చి, దాన్ని మీ కొట్టంలో ఉంచి, బండి తీసుకొని కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి, హాజీపూర్ మీదుగా అచ్చంపేట చేరుకుంటాను. మధ్యాహ్నం నుంచి సామాను కట్టి, సాయంత్రానికి బరువైనవన్నీ ఎక్కించి తాటిపత్రి కప్పి, రాత్రి బండిని మా వాకిట్లోనే నిలుపుతాను. ఆదివారం ఉదయం 5 గంటలకు బయలుదేరుతాను. అంత పొద్దున్నే ఎందుకంటే, హాజీపూర్ నుంచి డిండి దాకా మనం ఎక్కవలసింది హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు. కార్తీకంలో చివరి సోమవారానికి ముందు రోజు కాబట్టి ఎండ ఎక్కితే ఆ రోడ్డు మీద కార్ల వరుస తెగదు. పది, పదిన్నరకు నల్లగొండ చేరితే, ఒంటి గంటకల్లా సామాను దింపడం అవుతుంది. ఆ తరువాత బండి కడిగించి, డీజిల్ పోయించి, కనగల్ రావడానికి నాకు కావలసినంత సమయం ఉంటుంది. ఆరు గంటలు అని రాశాను గాని ఐదు గంటలకే వస్తాననే నా నమ్మకం.

దారిలో ఏదైనా అడ్డంకి వస్తే ఆదివారం మధ్యాహ్నం 2 గంటలలోపే నీకు ఫోను చేస్తాను, చీకటి పడిన తరువాత చేయను. ఏ కారణం చేతనైనా రాత్రి 8 గంటలకు బండి నీ వాకిట్లో లేకపోతే, సోమవారం లోడుకు వేరే బండి మాట్లాడి పంపే బాధ్యత, దాని కిరాయి నావి. ఇది మర్యాదకు అంటున్న మాట కాదు, శ్రీకాంత్ స్నేహితుని ట్రాలీ ఒకటి తిప్పర్తిలో ఉంది, ఆ రాత్రికి ఖాళీగా ఉంచమని అతనికి ముందుగానే చెప్పి పెట్టాను. మరి శనివారమే ఆ ట్రాలీ తీసుకోవచ్చు కదా అంటావేమో, ఆ రెండు రోజులు పగలంతా అది వడ్లకు ఒప్పుకున్నదట.

నడిపేది నేనొక్కడినే, ఇంకొకరి చేతికి తాళం ఇవ్వను. పోయినసారి మాటల్లో నీవు నా లైసెన్సు కారుది కదా, పసుపు నెంబరు బండికి పనికొస్తుందా అని అడిగావు. ఈ నెల 6వ తేదీన సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సంగతి తేల్చింది. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా వాహనాన్ని ఎల్ఎంవీ లైసెన్సు ఉన్నవారు వేరే అనుమతి లేకుండానే నడపవచ్చునని చెప్పింది. నీ పికప్ అందులోకే వస్తుంది. నా లైసెన్సు నకలు ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. ఆర్సీ, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, పొల్యూషన్ కాగితాలు నీవు బండిలో ఉంచితే చాలు, వాటిలో దేనికైనా గడువు దగ్గర పడి ఉంటే మాత్రం ముందే చెప్పు.

వెనుక బాడీలో సామాను తప్ప మనిషిని ఎక్కించను. సరుకు బండి వెనుక మనుషులు కూర్చుని ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్లు చేతులెత్తేస్తారు, చివరికి అది యజమాని మెడకే చుట్టుకుంటుంది. నా పక్కన శ్రీకాంత్ కూర్చుంటాడు. అమ్మ, నా భార్య ఆదివారం బస్సులో దేవరకొండలో మారి వస్తారు. ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా, అమ్మకు అది మహా సంబరం. ఆధార్ కార్డు ఇప్పటికే కొంగుకు ముడి వేసుకుంది.

డీజిల్ సంగతి మామూలే, బయలుదేరే ముందు కనగల్‌లో ట్యాంకు నింపుతాను, తిరిగి ఇచ్చేటప్పుడూ నింపి ఇస్తాను. శనివారం ముల్లు ఎక్కడ ఉందో మనిద్దరం చూసుకుందాం. మీటరు రీడింగు, నాలుగు వైపుల ఫొటోలు కూడా అప్పుడే తీసుకుంటాను. పంక్చరు పడినా, అద్దం పగిలినా, గీత పడినా నా ఖర్చుతో బాగు చేయించిన తరువాతే నీకు చెబుతాననుకోకు, చెప్పి, నీకు నచ్చిన మెకానిక్ దగ్గరే చేయిస్తాను. ఆ రెండు రోజుల తేదీతో చలానా ఏదైనా నెల తరువాత నీ ఫోనుకు వచ్చినా నాకు పంపు, అది నాదే. కిరాయి మాట ఎత్తితే నీకు కోపం వస్తుందని తెలిసి ఎత్తడం లేదు.

నాకు తెలియవలసినవి రెండే. దసరాకు వచ్చినప్పుడు క్లచ్ గట్టిగా ఉందన్నావు, అది సరి అయిందా? స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్ బండిలోనే ఉన్నాయా? లేకపోతే జాకీ నేను తెచ్చుకుంటాను.

ఒకవేళ శని, ఆదివారాలలో నీ వడ్లు కేంద్రానికి పోవలసి ఉన్నా, తోటలో కాయ కోయిస్తున్నా, బండి ఇంకొకరికి మాట ఇచ్చి ఉన్నా మొహమాటపడకుండా లేదని చెప్పు. అమ్మను తరువాతి వారం తీసుకువస్తాను, ఆమె పదకొండు నెలలు ఆగింది, ఇంకో వారం ఆగగలదు. బుధవారం సాయంత్రంలోగా నీ మాట తెలిస్తే చాలు. ఆ రాత్రికే అచ్చంపేటలో ఇద్దరు హమాలీలకు చెప్పుకోవాలి. శ్రీకాంత్‌తో చెప్పి పంపినా, రాత్రి ఎనిమిది దాటిన తరువాత నాకు ఫోను చేసినా సరే.

అత్తమ్మకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు
సైదులు

తా.క. బీరువాను నిలబెట్టి తేవాలా, పడుకోబెట్టి తేవాలా అన్నది తేలలేదు. పడుకోబెడితే తలుపు అద్దం పగులుతుందని అమ్మ, నిలబెడితే మలుపుల్లో ఊగుతుందని శ్రీకాంత్. నీకు అలవాటు కాబట్టి నీవు చెప్పినట్టే కడతాను. మూడో మోకు కావాలంటే అదీ ఇవ్వు.