ఒత్తు

"తాతా, ఙ ఎలా రాస్తారు మీరు?"

ఆ అమ్మాయి అలా అడిగేసరికి మస్తాన్ కుంచె పట్టుకుని ఆగిపోయాడు. విజయవాడ ఆటోనగర్‌లో యాభై రెండేళ్లుగా లారీల మీద రాస్తున్న చెయ్యి. శ్రీ, లక్ష్మి, దుర్గ, వెంకటేశ్వర, ప్రసన్న అనే మాటలైతే నిద్రలో లేపి అడిగినా రాసేస్తాడు. కానీ ఙ? చిన్నప్పుడు పలక మీద దిద్దాక మళ్లీ దాని మొహం చూడలేదు. ఏ ఓనరు పేరులో ఉంటుందది?

"ఇదెవరికి కావాలమ్మా?"

"ఎవరికీ అక్కర్లేదు తాతా. కానీ ఫాంట్‌లో ఉండి తీరాలి. యూనికోడ్‌లో తెలుగుకి 128 గళ్లు కేటాయించారు, వాటిలో దీనిదీ ఒకటి. మనం వదిలేస్తే ఎవరైనా టైప్ చేసినప్పుడు అక్కడ ఖాళీ డబ్బా కనపడుతుంది."

బోర్డు మీద ఖాళీ డబ్బా అనేసరికి మస్తాన్‌కి అదేదో తన పరువు సంగతిలా అనిపించింది. ఆరో నంబరు బ్రష్ తీసి, కిరసనాయిల్లో జాడించి, డెబ్బై ఒకటో ఏట మొదటిసారి రంగుతో ఙ రాశాడు. తర్వాత ఞ. తర్వాత ఝ. ఝ రాశాక కాసేపు చూసుకుని, "దీనికి మంచి పొట్ట వచ్చింది" అన్నాడు.

శ్రావణి హైదరాబాద్‌లో ఫాంట్లు గీస్తుంది. కాజ టోల్‌గేట్ దగ్గర ముందున్న లారీ వెనక అక్షరాలు చూసి ఫోటో తీసింది. కింద మూలన బొటనవేలంత 'మస్తాన్, ఆటోనగర్' అని ఉంది. అలా వెతుక్కుంటూ వచ్చింది. నెలకోసారి వచ్చి రెండు రోజులుండి వెళ్తోంది. డబ్బు సంగతి మస్తాన్ కొడుకు కరీం మాట్లాడాడు.

కరీంది వన్‌టౌన్‌లో ఫ్లెక్స్ షాపు. కొడుకు ఫ్లెక్స్ మెషీన్ కొంటే తండ్రి కుంచె విరగ్గొట్టి మూల కూర్చున్నట్టు రాస్తే కథ రక్తి కడుతుంది గానీ, ఇక్కడ అదేం జరగలేదు. మెషీన్ మొదటి మూడు కిస్తీలు మస్తానే కట్టాడు. లారీల పని అప్పటికే తగ్గిపోతోంది. పొద్దున ఆటోనగర్ వెళ్లడం, పని లేకపోతే సాయంత్రం కొడుకు షాపులో కూర్చుని తప్పులు దిద్దడం. 'అభినందనలు'లో న బదులు ణ పడితే అరిచేవాడు. "అన్నం తినేది అక్షరాలతోరా" అనేవాడు.

రెండోసారి వచ్చినప్పుడు శ్రావణి లాప్‌టాప్‌లో చూపించింది. పెద్ద 'మ'. దాని అంచు పొడుగునా చిన్న చిన్న చుక్కలు. ఒక చుక్క పట్టుకుని లాగితే వంపు సాగుతోంది.

"ఇది వణికింది చూడండి" అంటూ అంచు మీదున్న చుక్కలు నాలుగు తీసేసింది. గీత నూనె రాసినట్టు నున్నగా అయిపోయింది.

మస్తాన్ తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. రెండేళ్లుగా వణుకుతోంది. దారం కొట్టి, కర్ర ఆనించి రాసినా మలుపు దగ్గర గీత జంకుతుంది.

"ఈ చెయ్యి ఇప్పటిది కాదమ్మా. కరీం పుట్టినప్పటిది" అన్నాడు.

"వద్దంటే వణుకు ఉంచేస్తాను."

"వద్దొద్దు. తీసేయ్."

అసలు చిక్కు 'లక్ష్మి' దగ్గర వచ్చింది. క మీద గుడి, కింద ష వత్తు, దాని కింద మ వత్తు. మూడంతస్తుల మేడ. ఫాంట్‌లో మ వత్తు కిందికి జారి రెండో లైను తలకట్లని తొక్కేస్తోంది. శ్రావణి సగం రోజు దాంతోనే కుస్తీ పట్టింది.

"మీరెలా రాస్తారు దీన్ని?"

"చోటుని బట్టి."

"అంటే?"

మస్తాన్ ఆమెని షెడ్డులో నిలబెట్టిన లారీ దగ్గరికి తీసుకెళ్లాడు. క్యాబిన్ నుదుటి మీద చెక్క పలక. సరిగ్గా క్ష కిందికి వచ్చేచోట బోల్టు. ష వత్తుని బోల్టుకి ఎడమగా జరిపి, మ వత్తుని చిన్నది చేసి దాని చంకలో ఇరికించాడు. దూరం నుంచి చూస్తే బోల్టు లక్ష్మి ముక్కుపుడకలా ఉంది.

"ఇంకో లారీకి బోల్టు ఇక్కడ ఉండదుగా. అప్పుడు ఇంకోలా రాస్తా."

శ్రావణి నవ్వలేదు. "ఫాంట్‌కి బోల్టు కనపడదు తాతా" అంది. చివరికి ఆ ఇరికించిన మ వత్తునే తీసుకుంది. అదొక్కటే కాదు, ఎక్కువ వాడే అక్షరాలు మూడేసి రకాలు రాయించుకుంది. 'అమ్మమ్మ' అని కొడితే రెండు మ్మలూ కవలల్లా ఉండకుండా కంప్యూటరే మార్చి మార్చి వేస్తుందట. మస్తాన్‌కి ఆ ఒక్క ముక్క బాగా నచ్చింది. ఇంటికెళ్లి భార్యకి రెండుసార్లు చెప్పాడు.

శ్రీ విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. ఆమె క్రారవడిని బుద్ధిగా కింద పెట్టింది. "కింద నుంచి లేచి ఎడమ పక్కన శ అక్షరాన్ని చుట్టుకోవాలి, తల్లి పిల్లని చంకనేసుకున్నట్టు" అని మళ్లీ మళ్లీ రాసి చూపించాడు. పదకొండోసారి కుదిరింది.

ఫాంట్ వచ్చాక కరీం షాపులో వేసుకున్నాడు. మెనూలో పేరు Mastan. మొదట్లో కిరాణా కొట్టు, బిర్యానీ సెంటరు, బారసాల. దారిలో ఆ బోర్డులు కనపడితే మస్తాన్ ఆగి చూసేవాడు కాదు, నడక మాత్రం నెమ్మది అయ్యేది.

శ్రావణ మాసంలో ఒక రాత్రి భద్రయ్య పోయాడు. నాలుగు లారీల ఓనరు. అన్నిటి మీదా మస్తానే రాశాడు. మొదటి లారీకి డబ్బులు సరిపోక రంగు ఖర్చు మాత్రమే ఇచ్చి, ఆరు నెలలకి వడ్డీతో సహా తెచ్చిన మనిషి. పొద్దున మస్తాన్ వెళ్లేసరికి షెడ్డు గేటుకి ఫ్లెక్స్ కట్టేశారు. భద్రయ్య పెళ్లినాటి ఫోటో, చుట్టూ దండ, పైన తన అక్షరాల్లో పెద్దగా 'శ్రద్దాంజలి'.

శ్రీ కాదు గానీ, శ్రలో కూడా క్రారవడి ఎడమ పక్కకి లేచి చుట్టుకుంది. అంజలిలో జ కడుపు తను ఎలా నింపుతాడో అలాగే ఉంది. చెయ్యి వణకని రోజుల్లో రాసినట్టే ఉంది.

ద్ద దగ్గర చూపు ఆగింది. కింద ద వత్తు. ధ వత్తు ఉండాలి.

కరీంకి ఫోన్ చేశాడు. "కుర్రాడు కొట్టాడు నాన్నా, రాత్రి రెండింటికి అర్జంటన్నారు. ఇప్పుడే ఇంకోటి తీసి పంపిస్తా, గంటలో వస్తుంది."

"శవాన్ని పది నిమిషాల్లో ఎత్తుతున్నారు."

షెడ్డులో కుర్రాడు స్టూల్ తెచ్చాడు. మస్తాన్ నల్ల ఎనామిల్ డబ్బా మూత తెరిచి, మూడో నంబరు బ్రష్ ముంచి, అంచుకి రాసి, స్టూల్ ఎక్కాడు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. వత్తు కింద నిలువుగా చిన్న గీత, అంతే. ద కాస్తా ధ అయింది. గీత మధ్యలో ఒకచోట జంకింది.

దిగి, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. ఎండకి రంగు ఇంకా మెరుస్తోంది. లోపల డప్పులు మొదలయ్యాయి. బ్రష్ తుడుచుకుని, చెప్పులు గేటు పక్కన విడిచి లోపలికి నడిచాడు.