విషయం: అద్దంకి రూటులో సాయంత్రం వ్యాన్ ఆపాలన్న మీ ప్రతిపాదన

శ్రీనివాసరావు గారూ, నమస్తే.

పోయిన సోమవారం మీరు పంపిన నోట్, దాంతో జత చేసిన రూటు లెక్కలు పూర్తిగా చదివాను. ముందే చెప్పేస్తాను: సాయంత్రం పాలు రైతుల ఇళ్ళలోనే ఉంచి, మర్నాడు ఉదయం రెండు పూటల పాలూ ఒకేసారి తెచ్చుకోవడానికి నేను ఒప్పుకోలేకపోతున్నాను. మీరు ఇంత శ్రమపడి రాశాక ‘కుదరదు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం బాగుండదు కాబట్టి కారణం వివరంగా రాస్తున్నాను.

మీరు ఎత్తిచూపిన నష్టం నిజమే. 84 కిలోమీటర్లు తిరిగే వ్యాన్ ఉదయం 760 లీటర్లు తెస్తుంటే సాయంత్రం 410 దగ్గరే ఆగిపోతోంది. డీజిల్, డ్రైవర్ బత్తా కలిపి రోజుకు 1,900 రూపాయలు, నెలకు 57,000. అకౌంట్స్ వాళ్ళతో సరిచూపించాను, ఎక్కడా తేడా రాలేదు. ఆ మొత్తం చూశాక నాకూ ఆశ పుట్టిన మాట వాస్తవం. కేంద్రాల నిర్వాహకులు రాత్రి ఎనిమిదింటి దాకా వ్యాన్ కోసం కాచుకుని ఉంటున్నారని మీరు రాస్తేగానీ ఆఫీసులో మాకెవరికీ తెలియలేదు.

చిక్కంతా ఆ పన్నెండు గంటలతోనే. సాయంత్రం ఆరింటికి పితికిన పాలు మన వ్యాన్ ఎక్కేసరికి మర్నాడు ఉదయం ఆరవుతుంది. 30 డిగ్రీల వేడిలో పచ్చిపాలల్లో బ్యాక్టీరియా దాదాపు అరగంటకోసారి రెట్టింపవుతుంది. మన వైపు ఏప్రిల్, మే రాత్రులు ఎలా ఉంటాయో నాకన్నా మీకే బాగా తెలుసు. డెయిరీలో పాశ్చరైజ్ చేస్తే బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది గానీ, అప్పటికే పాలకు ఎక్కిన పులుపు పోదు. అలాంటి పాలు రిసెప్షన్‌లో మరగబెట్టి చూడగానే విరిగిపోతాయి. ఒక ఇంటి పాలు చెడితే క్యాన్ మొత్తం వెనక్కి వెళ్తుంది. ఆ క్యాన్‌లో పాలు పోసిన మిగతా రైతులకు ఏం చెప్పాలి?

చాలా ఇళ్ళలో ఫ్రిజ్‌లు ఉన్నాయని రాశారు. ఉన్నాయి. కానీ అప్పుడే పితికిన ఐదారు లీటర్ల వెచ్చని పాలు ఇంటి ఫ్రిజ్‌లో 4 డిగ్రీలకు దిగడానికి చాలా గంటలు పడుతుంది, ఈలోగా కరెంటు పోతే అంతే. తడి గోనెసంచి చలికాలం వరకైతే కొంత సాయపడుతుంది, ఎండాకాలంలో దాన్ని నమ్ముకోలేం. పాలు వెనక్కి వస్తాయన్న భయం మొదలైతే ఎవరో ఒకరు సోడా కలపకుండా ఉంటారా అన్నదే నా అసలు టెన్షన్. అది చట్టం ఒప్పుకోని పని, దొరికితే చెడ్డపేరు డెయిరీ మొత్తానికి వస్తుంది.

ఇంకొకటి. సాయంత్రం మన వ్యాన్ రాకపోతే ఆ పాలు మర్నాటి దాకా మన కోసం ఆగవు. టీ హోటళ్ళ వాళ్ళు, ప్రైవేటు పాలవాళ్ళు ఇంటి ముందే కొలిచి డబ్బులిచ్చి పట్టుకుపోతారు. ఒక పూటకు అలవాటు పడిన రైతు రెండో పూట కూడా వాళ్ళకే పోస్తే 57,000 మిగల్చబోయి రూటే పోగొట్టుకుంటాం.

మీ ఆలోచన నిజంగా పనిచేయాలంటే ఆ ఊళ్ళ మధ్యలో జనరేటర్‌తో సహా ఒక బల్క్ కూలర్ ఉండాలి. సాయంత్రం పాలు అక్కడే చల్లబడితే, ఉదయం ఒక్క ట్రిప్పులో రెండు పూటలవీ తెచ్చుకోవచ్చు. ఈ ఏడాది బడ్జెట్‌లో దానికి డబ్బు లేదు, వచ్చే ఏడాది వస్తుందని మాటా ఇవ్వలేను. వచ్చే ఏడాది ప్రతిపాదనల్లో మాత్రం మీ లెక్కలు జత చేసి, మీ పేరుతోనే జీఎం గారికి పంపుతున్నాను.

ఇప్పుడే చేయగలిగింది ఒకటుంది. మీ షీట్‌లో చివరి రెండు కేంద్రాలు సాయంత్రం చెరో 20 లీటర్లు కూడా ఇవ్వడం లేదు, వాటి కోసం వ్యాన్ 14 కిలోమీటర్లు అదనంగా తిరుగుతోంది. ఆ పాలను మోటార్‌సైకిల్ మీద కాలువ ఇవతలి కేంద్రానికి చేర్చే వీలుందా? నిర్వాహకులతో మాట్లాడి చూడండి. కుదిరితే పెట్రోలు ఖర్చు మనమే ఇద్దాం. వ్యాన్ కూడా త్వరగా తిరిగొస్తుంది కాబట్టి మిగతా వాళ్ళ ఎదురుచూపూ కొంత తగ్గుతుంది.

పైన రాసినదాంట్లో క్షేత్రంలో పరిస్థితికి పొసగనిది ఏదైనా ఉంటే చెప్పండి. గురువారం మూడింటికి రవాణా విభాగం వాళ్ళూ వస్తున్నారు, మీరూ రండి. ఆ రెండు కేంద్రాల పోయిన నెల సాయంత్రం రిజిస్టర్లు తీసుకురండి.

పద్మావతి
మేనేజర్, పాల సేకరణ విభాగం