ఏటికొప్పాక లక్కపిడతల సెట్టు – 14 వస్తువులు, అంకుడు కర్ర, సహజ రంగులు

💰 ధర రూ. 1,150. విశాఖ నగరంలో డెలివరీకి రూ. 60, ఇతర ఊళ్లకు స్పీడ్ పోస్టులో రూ. 120 అదనం.

పిల్లలు బువ్వాలాట ఆడుకునే ఈ సెట్టులో తిరగలి, రోలు, రోకలి, పొయ్యి, బిందె, చెంబు, కుండ, మూత, మూకుడు, గరిటె, రెండు పళ్లేలు, రెండు గిన్నెలు ఉంటాయి. తిరగలి పైరాయి నిజంగానే తిరుగుతుంది, చిన్న పిడి పట్టుకుని తిప్పవచ్చు. మా దగ్గర కొన్నవారి పిల్లలు ఎక్కువగా ముచ్చటపడేది దీనితోనే.

🪵 వీటిని అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో, వరాహ నది ఒడ్డున తరతరాలుగా ఈ పని చేస్తున్న కళాకారుల వద్ద స్వయంగా ఎంచుకుని తెస్తాము. తేలికగా, మెత్తగా ఉండే అంకుడు కర్రను బాగా ఆరబెట్టి, తరిణె మీద తిప్పుతూ ఉలితో రూపం తీస్తారు. ఆ తరువాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి పూతలా పట్టుకుంటుంది. చివరగా మొగలి ఆకుతో రుద్దినప్పుడు వచ్చే నునుపే ఈ బొమ్మల మెరుపు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది.

🎨 పసుపు కొమ్ముల నుంచి పసుపు రంగు, జాఫ్రా గింజల నుంచి నారింజ రంగు, నీలిమందు నుంచి నీలం తీస్తారు. మొక్కల రంగులు కనుక ఒక సెట్టుకూ మరో సెట్టుకూ ఛాయ కొద్దిగా మారుతుంది. ఫొటోలను మా బాల్కనీలో పగటి వెలుతురులోనే తీశాము, రంగులను దిద్దలేదు.

📏 బిందె ఎత్తు 7 సెంటీమీటర్లు, గిన్నె వెడల్పు 3 సెంటీమీటర్లు. గిన్నెలు, మూత, రోకలి నోట్లో పెట్టుకునేంత చిన్నవి కాబట్టి మూడేళ్లలోపు పిల్లలకు దయచేసి ఇవ్వవద్దు. బొమ్మల కొలువులో పెట్టుకోవడానికి తీసుకుంటే ఈ చిక్కు లేదు.

నీళ్లలో నానబెట్టకుండా పొడిగుడ్డతో తుడిస్తే చాలు. వేడికి మాత్రం లక్క ఆగదు. గత మే నెలలో బీచ్ రోడ్డులో ఎండలో నిలిపిన కారులో నేను మరిచిపోయిన ఒక సెట్టులో మూత కుండకు అతుక్కుపోయింది, అది అమ్మకానికి పనికిరాలేదు. అందుకే ఇప్పుడు ప్రతి వస్తువునూ విడిగా కాగితంలో చుట్టి, గట్టి అట్టపెట్టెలో పంపుతున్నాము.

🚚 ఎంవీపీ కాలనీ నుంచి ఆర్డరు మరుసటి రోజు బయలుదేరుతుంది. దారిలో ఏదైనా విరిగితే రెండు రోజుల్లోగా ఫొటో పంపండి, ఆ వస్తువును మా ఖర్చుతో మార్చి ఇస్తాము. రంగు ఛాయ నచ్చలేదన్న కారణంతో మాత్రం వెనక్కి తీసుకోలేము. ప్రస్తుతం 9 సెట్లు ఉన్నాయి. ఇవి అయిపోతే మళ్లీ తయారై రావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది.