రండి, ముట్టుకుని చూడండి: మా బొమ్మల అంగడి బోర్డులు, బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులకు

అద్దం మీద, పైన, పెద్ద అక్షరాల్లో

పిల్లలు ముట్టుకోవచ్చు.
లోపల అన్నీ ఆడి చూసే బొమ్మలే.

అద్దం మీద, పిల్లల కంటి ఎత్తులో

బుజ్జీ, ఆ ఏనుగు తాడు బయటికి ఉంది చూడు. లాగు!

అద్దం కింది అంచున

బొంగరం ₹40 • వైకుంఠపాళి పటం ₹60 • గిలక ₹90 • లక్కపిడతల సెట్టు ₹280
ప్రతి బొమ్మకీ ధర చీటీ ఉంటుంది. అందరికీ అదే ధర, బేరం లేదు.

గుమ్మం ముందు నిలబెట్టే పలక

కొండ దిగి వస్తున్నారా?
గుండు చేయించుకున్న ప్రతి చిన్నారికీ ఒక కాగితపు గాలిచక్రం ఉచితం. ఏమీ కొనక్కర్లేదు. గుండుకు పూసిన గంధం ఇంకా ఆరకపోయినా ఫరవాలేదు, లోపలికి రండి. ఫ్యాన్ ఉంది, తాగడానికి నీళ్ళున్నాయి, పెద్దవాళ్ళు కూర్చోవడానికి రెండు స్టూళ్ళున్నాయి.

తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడతాం. హిందీ కొంచెం వచ్చు.
ఉదయం 8 నుంచి రాత్రి 10:30 వరకు. మధ్యాహ్నం మూసేది లేదు.

పలక వెనక వైపు (రైల్వే స్టేషన్ నుంచి గుడి వైపు నడిచేవాళ్ళకు)

గోవిందరాజస్వామి దర్శనానికి వెళ్తున్నారా? ముందు దర్శనం చేసుకోండి. పిల్లలకు బొమ్మ చూపించి లాక్కెళ్తే క్యూలో ఏడుస్తారు. తిరిగొచ్చేటప్పుడు ఆగండి, ఇక్కడే ఉంటాం.

అద్దంలో, రోజూ మార్చే చీటీ

పైన, ఎప్పుడూ ఉండే మాట:
కొండ మీద స్వామికి ఏ వాహనమో, మా అద్దంలో ఆ రోజు ఆ బొమ్మ. స్వామిని అంగడి అద్దంలో నిలబెట్టడం మాకు ఇష్టం లేదు, అందుకే వాహనాల బొమ్మలే పెట్టాం. ఇవి పిల్లలు ఆడుకోవడానికి.

మొదటి రోజు. సాయంత్రం పెద్దశేష వాహనం. అద్దంలో: కీళ్ళతో కదిలే చెక్క పాము. తోక పట్టుకుని ఊపితే పడగ దాకా మెలికలు తిరుగుతుంది. ₹120.

రెండో రోజు. ఉదయం చిన్నశేషుడు, సాయంత్రం హంస. అద్దంలో: చక్రాల మీద హంస. తాడు కట్టి లాగితే రెక్కలు టపటపమంటాయి. నడక వచ్చిన పిల్లలకు దీన్ని మించింది మా అంగడిలో లేదు. ₹260.

మూడో రోజు. ఉదయం సింహం, సాయంత్రం ముత్యపుపందిరి. అద్దంలో: గుడ్డ సింహం, జూలుకు నూలు కుచ్చులు. ఇంట్లో బకెట్లో ఉతకొచ్చు. ₹320. పక్కనే దారానికి గుచ్చుకునే పెద్ద చెక్క పూసలు, 5 ఏళ్ళు దాటినవాళ్ళకు మాత్రమే. ₹150.

నాలుగో రోజు. ఉదయం కల్పవృక్షం, సాయంత్రం సర్వభూపాల వాహనం. అద్దంలో: పండ్లు తగిలించి తీసే చెక్క చెట్టు. పండ్లు పన్నెండు. ఒక్కటి తక్కువైనా లెక్కపెట్టి చెప్పే పిల్లాడు మీ ఇంట్లోనూ ఉంటాడు. ₹390.

ఐదో రోజు. సాయంత్రం గరుడ వాహనం. ఈ రోజు వీధిలో నిలబడే చోటు ఉండదు, కాబట్టి బొమ్మను పైకి కట్టాం. తల ఎత్తి చూడండి: రెక్కలు చాచిన గుడ్డ గాలిపటం. ₹180.
జనం ఎక్కువ. పిల్లల చెయ్యి వదలకండి. ఎవరైనా తప్పిపోతే ఈ అంగడి గుర్తు పెట్టుకోండి. బిడ్డ ఇక్కడికి చేరితే కూర్చోబెట్టి, దగ్గరున్న పోలీసులకు చెప్తాం.

ఆరో రోజు. ఉదయం హనుమంతుడు, సాయంత్రం గజవాహనం. అద్దంలో: దూది నింపిన గద, ఎవరిని కొట్టినా దెబ్బ తగలదు. ₹110. దాని పక్కన కొండపల్లి అంబారీ ఏనుగు, ఇది మాత్రం కొలువులో పెట్టుకోవడానికి. ₹650.

ఏడో రోజు. ఉదయం సూర్యప్రభ, సాయంత్రం చంద్రప్రభ. అద్దంలో: ఉయ్యాల పైన వేలాడే సూర్యుడు, చంద్రుడు, ఏడు గుర్రాలు. ఉయ్యాల్లోని బిడ్డ చేతికి అందనంత ఎత్తులో కట్టండి. ₹450.

ఎనిమిదో రోజు. ఉదయం రథం, సాయంత్రం అశ్వవాహనం. అద్దంలో: ఎక్కి ఊగే చెక్క గుర్రం. ₹2,200. కొనకపోయినా ఎక్కొచ్చు. వరసలో రండి, ఒక్కొక్కరికి ఇరవై ఊపులు.

తొమ్మిదో రోజు. చక్రస్నానం. అద్దంలో: బొంగరాలు, ఇరవై రంగుల్లో. ఈ ఒక్కరోజు రెండు కొంటే మూడోది మా వైపు నుంచి.

లోపల, ఎదురుగోడ మీద

"ముట్టుకోవద్దు" అనే బోర్డు ఈ అంగడిలో లేదు.
నా చిన్నప్పుడు మా నాయన చెయ్యి పట్టుకుని ఇలాంటి అంగళ్ళ ముందు నిలబడినప్పుడు ఆ మాటే ఎదురొచ్చేది. చేతిలోకి తీసుకోకుండా బొమ్మ బిడ్డకు నచ్చిందో లేదో ఎవరికి తెలుస్తుంది?
ప్రతి అరలోనూ ఎర్ర దారం కట్టిన బొమ్మ ఒకటి ఉంటుంది. అది ఆడుకోవడానికే. పగిలితే మాది, డబ్బులు అడగం. ఎక్కువ చేతులు పడితే ఏ కీలు వదులవుతుందో మాకూ తెలుస్తుంది. అట్లాంటి బొమ్మను మళ్ళీ తెప్పించం.

మొదటి అర: మూడేళ్ళ లోపు

ఈ అరలో నోట్లో పట్టేంత చిన్న బొమ్మ గానీ, ఊడివచ్చే ముక్క గానీ లేదు. ఈ వయసులో ఏది దొరికినా ముందు నోట్లోకే వెళ్తుంది.
గిలక ₹90. గుడ్డ బంతి ₹70. నడక నేర్చుకునే మూడు చక్రాల చెక్క బండి ₹750.
పక్క అరలోని బొమ్మ మీ పాపకు బాగా నచ్చినా, వయసు చిన్నదైతే మేమే వద్దంటాం. దయచేసి ఏమీ అనుకోకండి.

రెండో అర: ఏటికొప్పాక

ఈ నున్నటి బొమ్మలు అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక నుంచి వచ్చాయి. అంకుడు చెక్కను తరిణి మీద తిప్పుతూ, ఆ రాపిడికి పుట్టే వేడికే లక్కను కరిగించి పట్టిస్తారు. రంగులు గింజలు, బెరళ్ళు, వేర్లు, ఆకుల నుంచి తీస్తారు. 2017లో ఈ బొమ్మలకు జి.ఐ. గుర్తింపు, అంటే ఇవి ఆ ఊరి సొంత సరుకన్న ప్రభుత్వ గుర్తింపు, వచ్చింది.
గోటితో గీకి చూడండి. రంగు పెచ్చులుగా లేవదు.
లక్కపిడతల సెట్టు (పొయ్యి, కుండ, గరిటె, రోలు, తిరగలి, చెంబు): ₹280. మీ అమ్మమ్మను తీసుకొచ్చి ఉంటే ఆమె చేతికి ఇవ్వండి. అట్లకాడ ఎందుకు లేదని అడుగుతారు. అది విడిగా ఉంది, ₹30.

మూడో అర: కొండపల్లి

తెల్ల పొణికి చెక్కతో చేసినవి. కాళ్ళు, తొండం, అంబారీ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. అందుకే ఇంత తేలిక, అందుకే కింద పడితే విరుగుతాయి. ఆడుకోవడానికి కాకుండా దసరా కొలువులో పెట్టుకోవడానికి తీసుకోండి. ఆరేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకండి.
ఎద్దుల బండి ₹480. దశావతారాలు పది, పెట్టెతో ₹1,850.
కొలువుకు ప్రతి ఏడాదీ ఒక్క కొత్త బొమ్మ చేర్చే ఇళ్ళు మన ఊళ్ళో చాలా ఉన్నాయి. పోయినేడు ఏది తీసుకెళ్ళారో చెప్తే దానికి జోడీ వెతికిపెడతాం.

నాలుగో అర: సెల్‌ఫోన్ పక్కన పెట్టించే ఆటలు

వామనగుంటల పలక, చింతగింజలతో సహా ₹350. అటు ఏడు, ఇటు ఏడు గుంటలు, ఇద్దరు ఆడొచ్చు. గోళీలు, డజను ₹25. ఆట మర్చిపోయారా? చింతగింజలు గల్లా దగ్గరున్నాయి, ఐదు నిమిషాల్లో నేర్పిస్తాం.
రైల్లో ఆడుకోవడానికి మడత పెట్టే వైకుంఠపాళి గుడ్డ పటం: ₹140. గవ్వలు పటానికే దారంతో కట్టి ఉంటాయి, సీటు కింద పడిపోవు.

ఐదో అర: బ్యాటరీ బొమ్మలు (అర ఎత్తులో ఉంది, మమ్మల్ని అడగండి)

2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. నమోదైన చేతివృత్తులవాళ్ళు చేసినవాటికీ, జి.ఐ. గుర్తింపు ఉన్నవాటికీ మినహాయింపు ఉంది. ఈ అరలో ప్రతి పెట్టె మీదా ఆ గుర్తు ఉంటుంది. తిప్పి చూసుకోండి.
నాణెంలా ఉండే బటన్ సెల్ వాడే బొమ్మల్లో, స్క్రూతో బిగించే మూత ఉన్నవే తెస్తాం. బిడ్డ ఆ సెల్ మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలి పుండు పడొచ్చు. మింగిందన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకండి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.
కొనేవాళ్ళకు ఈ మాట భయం పుట్టిస్తుందని తెలుసు. అయినా ఈ బోర్డు తియ్యం.

గల్లా మీద

నగదు, ఫోన్‌లో డబ్బు, రెండూ తీసుకుంటాం. నిలువుదోపిడీ ఇచ్చి జేబు ఖాళీ అయిందా? పేరు రాసి బొమ్మ పక్కన పెడతాం, సాయంత్రం దాకా ఉంచుతాం.

పగిలినా, పనిచేయకపోయినా ఏడు రోజుల్లో మార్చిస్తాం. ఊరికి వెళ్ళిపోయి ఉంటే బిల్లు మీదున్న నంబరుకు ఫోటో పంపండి, వేరేది పోస్టులో పంపిస్తాం. ఆ ఖర్చు మాది.

బొమ్మ నచ్చక తిరిగిచ్చేస్తే కూడా తీసుకుంటాం, పెట్టె చిరగకపోతే చాలు.

గల్లా పక్కన, కింద, చిన్న బుట్ట మీద

చిన్నోళ్ళకు: మీ దగ్గర పది రూపాయలుంటే ఈ బుట్టలో ఏదైనా ఒకటి మీ సొంతం. మీరే ఎంచుకోండి. అమ్మను అడగక్కర్లేదు, ఇందులో ప్రమాదమైనవి లేవు. (నాలుగేళ్ళు నిండినవాళ్ళకు.)

బయటికి వెళ్ళే గుమ్మం మీద, లోపలి వైపు

రైలుకు టైమ్ అవుతోందా? ముందే చెప్పండి, మీ బిల్లు ముందు వేస్తాం. కొండపల్లి బొమ్మలకు గడ్డి, పాత పేపర్లు చుట్టి అట్టపెట్టెలో కడతాం, బెర్త్ కింద పెట్టినా విరగవు.
చెప్పులు, గొడుగు, ప్రసాదం సంచి మర్చిపోయారేమో ఒకసారి వెనక్కి చూసుకోండి. లడ్డూ సంచి స్టూలు మీదే వదిలేసి వెళ్ళేవాళ్ళు రోజూ ఒకరైనా ఉంటారు.