వాన వినపడట్లేదు టీచర్

వరసగా ఒక్కొక్కళ్ళు లేచి ఒక్కో పేరా చదవడం అనే పద్ధతి శ్రావణికి ట్రైనింగ్‌కి వచ్చిన మొదటి వారంలోనే నచ్చలేదు. వెనక నిలబడి చూస్తే తెలిసిపోతుంది కదా, ముందు బెంచీ పిల్ల చదువుతుంటే నాలుగో బెంచీ వాడు వేలుతో పేరాలు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు, తన వంతు ఏ పేరా మీద పడుతుందో చూసుకుని అదొక్కటే పెదాలతో తిప్పుకుంటూ కూర్చుంటాడు, తన వంతు అయిపోయిందంటే ఇంక ఆ పుస్తకంతో వాడికి సంబంధం లేదు. కథ ఎవరికీ వినపడదు. ముప్పై రెండు మంది ఉన్న ఐదో తరగతిలో కథ మొత్తం విన్నవాళ్ళు ఎంతమంది అంటే చెప్పలేం.

అందుకే లెసన్ ప్లాన్ మార్చింది. నలుగురైదుగురిని గ్రూపులు చేసి, ఒక కథ నాలుగు పేజీలు జిరాక్స్ తీసి, ముందు మూడు పేజీలే ఇచ్చి, పాత్రలు పంచుకుని నాటకం చదివినట్టు చదవమంది. కథ తనే రాసుకుంది. వాన రాత్రి, ఒక తాత, మనవరాలు, ఎవరో తలుపు కొడతారు, చూస్తే ఎవరూ ఉండరు, చివరికి తప్పిపోయిన దూడ దొరుకుతుంది, అంతే. క్లాస్ టీచర్ పద్మావతి మేడం వెనక కుర్చీలో అబ్జర్వేషన్ ఫారం పట్టుకుని కూర్చున్నారు. ఆవిడకి ఈ గోల పద్ధతులంటే పెద్దగా నమ్మకం లేదు, కానీ ట్రైనీని చెయ్యనివ్వకపోతే ఎలా నేర్చుకుంటుంది అనే మనిషి.

కిటికీ పక్క గ్రూపులో ఐదుగురు పడ్డారు, పాత్రలు నాలుగే. ఐదోవాడు ఈశ్వర్. వాడికి పాత్ర రాలేదని ఎవరూ గొడవ చెయ్యలేదు, వాడు కూడా చెయ్యలేదు. శ్రావణి దగ్గర ఉన్న రీడింగ్ షీటులో ఉచ్చారణ, వేగం, తప్పులు అని మూడు గళ్ళు ఉంటాయి, ఈశ్వర్ పేరుకి ఎదురుగా మూడు గళ్ళకీ కలిపి పొడుగ్గా ఒక గీత, పైన "చదవడు" అని ఒకే మాట. పాత చేతిరాత. వాడిని లేపితే లేస్తాడు, పుస్తకం పట్టుకుంటాడు, నోరు తెరుస్తాడు, గొంతు మాత్రం రాదు. కూర్చో నాన్నా అనేదాకా అలాగే నిలబడతాడు. అల్లరి చెయ్యడు, నోట్స్ రాసుకుంటాడు, కాబట్టి ఎవరికీ వాడితో ఇబ్బంది లేదు, ఇబ్బంది పెట్టని పిల్లల గురించి ముప్పై రెండు మందిలో ఎవరు ఆలోచిస్తారు చెప్పండి.

హాసిని కథ చెప్పే పాత్ర తీసుకుంది, దానిది మంచి గొంతు, కానీ బస్సు వెళ్ళిపోతుందేమో అన్నంత స్పీడుగా చదువుతుంది. "తాత దీపం పట్టుకుని తలుపు తీశాడు" అని చదివిందో లేదో కిర్ర్ర్ మని తలుపు చప్పుడు. సన్నగా మొదలై మధ్యలో ఆగి మళ్ళీ సాగింది, తుప్పు పట్టిన బందులు అలాగే కదా అరుస్తాయి. క్లాసు క్లాసంతా తలుపు వైపు తిరిగింది. హెడ్మాస్టర్ గారేమో అనుకుని పద్మావతి మేడం కుర్చీలోంచి సగం లేచారు కూడా. తలుపు మూసే ఉంది.

"టీచర్, వీడే!" అన్నాడు తాత పాత్ర వేస్తున్న కార్తీక్.

ఈశ్వర్ రెండు పెదాలూ బిగించేసి తల దించేసుకున్నాడు. చేతులు బెంచీ కిందకి పోయాయి.

అక్కడ శ్రావణి చేసిన పని చాలా చిన్నది, కానీ నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైనది అదే. శభాష్ అనలేదు, చప్పట్లు కొట్టించలేదు, ఏదీ మళ్ళీ చెయ్యి అని అందరి ముందు నిలబెట్టలేదు. అలా చేసుంటే ఆ తలుపు మళ్ళీ తెరుచుకునేది కాదు. హాసినితో "ఎందుకాగావు, చదువు, తాత బయటికి వెళ్ళాలి కదా" అని మామూలుగా అనేసి పక్క గ్రూపు దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళి వీపు ఇటు పెట్టి నిలబడింది, చెవులు మాత్రం ఇక్కడే.

కాసేపు ఏం లేదు. తర్వాత వాన మొదలైంది. జామెట్రీ బాక్సు మూత మీద వేళ్ళ చివర్లతో, ముందు ఒకటీ అరా చినుకులు, తర్వాత గోళ్ళు కలిశాయి, తర్వాత అరచెయ్యి. కథలో వాన పెరిగిన చోట పెరుగుతోంది, తాత లోపలికొచ్చి తలుపేసుకోగానే అదే వాన జామెట్రీ బాక్సు మీంచి నోట్‌బుక్ అట్ట మీదకి మారిపోయింది, అంటే ఇప్పుడు గోడ అవతల పడుతోందన్నమాట. శ్రావణికి ఒళ్ళు జలదరించింది. ఇది ఆ పేజీలో ఎక్కడా రాసి లేదు, రాసింది తనే కదా, తనకి తెలుసు.

నెమ్మదిగా తిరిగి వాడి చేతులు కాదు, కళ్ళు చూసింది. కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. హాసిని ఏ లైను చదువుతోందో దానికంటే ఒక లైను కింద ఉన్నాయి. అవును మరి, హాసిని "తలుపు" అనే మాట పలికాక వెతుక్కుంటే చప్పుడు లేటైపోతుంది, అది రాబోతోందని ముందే చూసి ఊపిరి పట్టి ఉంచుకోవాలి. బాగా చదివేవాళ్ళ కళ్ళు ఎప్పుడూ గొంతుకంటే నాలుగు మాటలు ముందుంటాయని ట్రైనింగ్ క్లాసులో చెప్పారు, అప్పుడు నోట్స్‌లో రాసుకుని వదిలేసింది. ఇక్కడ గొంతు హాసినిది, కళ్ళు ఈశ్వర్‌వి, పైగా హాసిని స్పీడుకి ముందు!

అయినా అనుమానం తీరలేదు. ముందే ఎవరైనా చదివి వినిపించారేమో అని. నాలుగో పేజీ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, అది తీసుకెళ్ళి ఆ గ్రూపు మధ్యలో పెట్టి "ఆపకుండా చదివెయ్యండి" అంది. అందులో మొదట్లోనే "దూడ అంబా అంది" అని ఉంది. తర్వాత మిగతా గ్రూపుల్లో ఈ చోటు వచ్చినప్పుడు ఏమైందో తెలుసుగా, పిల్లలందరూ పోటీలు పడి గొంతు చించుకుని అంబా అని అరిచారు, నవ్వులు, గోల. ఈశ్వర్ అరవలేదు. రెండు చేతులూ నోటికి దొన్నెలా పెట్టుకుని, మొహం కిటికీ వైపు తిప్పేసి, ఎక్కడో దూరంగా, వాన అవతల, సగంలో తెగిపోయినట్టు అన్నాడు. కార్తీక్ నిజంగా కిటికీలోంచి బయటికి చూశాడు.

బెల్ కొట్టాక పిల్లలందరూ బయటికి పరిగెడుతుంటే శ్రావణి వాడి పక్కన బెంచీ మీద కూర్చుంది. ఎదురుగా కాదు, పక్కన, ఇద్దరూ కాగితం వైపే చూసేలాగ.

"దూడని అంత చిన్నగా ఎందుకన్నావురా?"

చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మూడో పేజీ తిప్పి ఒక లైను మీద వేలు పెట్టాడు. దూడ పాత బావి అవతల పొదల్లో ఇరుక్కుందేమో అని మనవరాలు అనుకునే లైను అది. ఆ తర్వాత వేలు ఇంకో లైను మీదకి పోయింది, దూడ పొద్దుట్నుంచి ఏమీ తినలేదని తాత అనే చోటు.

"నీరసంగా ఉంటది కదా టీచర్" అన్నాడు, వినీ వినపడనట్టు.

ఆ రెండు లైన్లూ కథలో శ్రావణి ఊరికే రాసింది, పేజీ నిండడానికి.

స్టాఫ్ రూములో పద్మావతి మేడంతో గంటసేపు అదే మాట. ఆవిడ కాదనలేదు కానీ వెంటనే ఒప్పేసుకోనూలేదు. "బాగానే ఉందమ్మా, కానీ పరీక్షలో వాడిని లేచి చదవమనే అంటారు, తలుపు చప్పుడు చెయ్యమనరు, అప్పుడేం చేస్తావు?" అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. శ్రావణి దగ్గర దానికి పూర్తి జవాబు లేదు. "గొంతు సంగతి చూద్దాం మేడం, దానికి టైం పడుతుంది. కానీ వాడికి చదవడం రాదని మాత్రం ఇంక ఎవరూ రాయకూడదు, అర్థం చేసుకోవడంలో ఈ క్లాసులో వాడి తర్వాతే ఎవరైనా" అంది. మేడం షీటు తీసుకుని ఆ పాత గీత వైపు చాలాసేపు చూశారు. ఆ చేతిరాత ఆవిడదే. డస్టర్ పక్కనున్న పెన్ను శ్రావణికిచ్చి "నువ్వు చూసింది చూసినట్టు రాయి, గళ్ళు సరిపోకపోతే వెనక పేజీలో రాయి" అన్నారు.

శ్రావణి వెనక పేజీ నిండా రాసింది, వాన అట్ట మీదకి మారిన సంగతి దగ్గర్నుంచి.

తర్వాతి వారం నుంచి పాత్రల లిస్టులో "చప్పుళ్ళు" అని ఇంకో పాత్ర చేరింది, ఎవరైనా తీసుకోవచ్చు అని చెప్పింది గానీ అందరూ ఈశ్వర్ వైపే చూశారు. వాడు కాగితం తీసుకుని పెన్సిల్‌తో మార్జిన్‌లో గుర్తులు పెట్టడం మొదలుపెట్టాడు, తలుపుకి అడ్డగీత, వానకి చుక్కలు, ఎక్కడ చుక్కలు దగ్గరగా ఉంటే అక్కడ వాన ఎక్కువ. కొన్ని చోట్ల ఖాళీ గుండ్రం. అదేంటని అడిగితే "అక్కడ ఏం ఉండకూడదు" అన్నాడు. పదేళ్ళ పిల్లాడికి నిశ్శబ్దానికి కూడా గుర్తు పెట్టాలని తోచిందంటే నేనైతే ఇప్పటికీ దాని గురించే ఆలోచిస్తుంటాను.

ఇంకో సంగతి జరిగింది, అది శ్రావణి కూడా అనుకోనిది. హాసిని స్పీడు తగ్గింది. ఎంతమంది చెప్పినా తగ్గనిది, చప్పుడు కోసం ఆగాలి కాబట్టి తగ్గింది, ఆగినప్పుడల్లా ఏం చదివానా అని తనకే అర్థమవడం మొదలైంది. ఒకరోజు ప్రాక్టీసులో మళ్ళీ గబగబా లాగించేస్తుంటే ఈశ్వర్ దాని కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"అంత తొందరగా చదివితే తలుపెలా తెరుచుకుంటది? తాత ముసలోడు కదా, గడియ తియ్యాలి."

హాసిని నోరు మూసుకుని మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంది.

పక్క సెక్షన్ పిల్లలని కూడా పిలిచి చదివిన రోజు క్లాసు కిక్కిరిసిపోయింది, ఉక్కపోత, ఫ్యాన్లన్నీ ఫుల్లు మీద గరగరా తిరుగుతున్నాయి. హాసిని మొదటి లైను చదివింది. ఈశ్వర్ బాక్సు మీద వేళ్ళు పెట్టి, రెండు చినుకులు కొట్టి, ఆపేశాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ ఆపాడు. పైకి చూశాడు. ఏమైందో ఎవరికీ అర్థం కాలేదు, వాడు బిగుసుకుపోయాడేమో అని శ్రావణి ముందుకి రాబోయింది.

"టీచర్, ఫ్యాన్లు ఆపండి! వాన వినపడట్లేదు."

వెనక బెంచీ దాకా వినపడింది. పద్మావతి మేడమే గబగబా లేచి వెళ్ళి స్విచ్చులన్నీ కట్టేశారు, ఆ ఉక్కలో ఒక్క పిల్ల కూడా కదల్లేదు, తలుపు తెరుచుకుంది, వాన గోడ అవతలికి పోయింది, దూడ దొరికింది.

అయిపోగానే పక్క సెక్షన్ వాళ్ళు మీద పడ్డారు. మా కథకి కూడా చెయ్యి, మాది అడవి కథ, మాది రైలు కథ అని ఒకటే తోపులాట. ఒకడు ఏనుగు చెయ్యి చూద్దాం అని చొక్కా పట్టుకుని లాగుతున్నాడు. ఈశ్వర్ చొక్కా విడిపించుకుని చెయ్యి చాపాడు.

"ముందు కథ ఇవ్వు. ఏనుగు ఏం చేస్తోందో చూడాలి కదా."

"నడుస్తది."

"ఎక్కడ? నీళ్ళలోనా, ఆకుల మీదా?"

వాడు తెల్లమొహం వేసి, కాగితం తెస్తానని వాళ్ళ క్లాసు వైపు పరిగెత్తాడు.