ఏకపక్ష డిక్రీ రద్దు కోరుతూ దాఖలు చేసిన అఫిడవిట్

తెనాలి ప్రిన్సిపల్ జూనియర్ సివిల్ జడ్జి వారి కోర్టులో
ఐ.ఏ. నెం. 318/2024, ఓ.ఎస్. నెం. 41/2024

మద్దాల శ్రీనివాసరావు … పిటిషనర్/ప్రతివాది
యర్రంశెట్టి భాస్కరరావు … రెస్పాండెంట్/వాది

మద్దాల కోటేశ్వరరావు కుమారుడను, 47 సంవత్సరాల వయసు గలవాడను, తెనాలి గాంధీనగర్ ఇంటి నెం. 5-3-21లో కాపురముంటున్న శ్రీనివాసరావు అను నేను దైవసాక్షిగా ప్రమాణం చేసి తెలియజేసుకొనునది ఏమనగా:

1. నేను ఈ దావాలో ఏకైక ప్రతివాదిని. ఇందులోని విషయాలు నాకు తెలుసు.

2. 05-08-2021 తేదీ ప్రామిసరీ నోటు కింద అసలు రూ. 2,40,000, దానిపై వడ్డీ రాబట్టుకోవడానికి వాది దావా వేశారు. ఆ నోటుపై సంతకం నాదే. దాన్ని నేను కాదనడం లేదు.

3. దావాలో చూపిన ఇంటి నెం. 2-8-14లో నేను అద్దెకు ఉండి 30-06-2023న ఖాళీ చేశాను. ఆ రోజే తాళాలు యజమానికి ఇచ్చి రసీదు తీసుకున్నాను. (పత్రం 1)

4. ఆ పాత ఇంటి తలుపుకు 14-02-2024న సమన్లు అంటించినట్లు కోర్టు రికార్డులో ఉంది. అప్పటికి నేను అక్కడ లేక ఏడు నెలలు దాటింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరున్నారో నాకు తెలియదు. సమన్ల గురించి నాకు ఎవరూ చెప్పలేదు.

5. 11-03-2024న నన్ను ఎక్స్‌పార్టీగా ప్రకటించి, 22-04-2024న డిక్రీ ఇచ్చినట్లు రికార్డు నుండి తెలుసుకున్నాను.

6. డిక్రీ సంగతి నాకు మొదటిసారి తెలిసింది 09-09-2024న, ఇ.పి. నెం. 63/2024 నోటీసు ప్రస్తుత ఇంటికి వచ్చినప్పుడు. 11-09-2024న సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు చేసి, 18-09-2024న పొందాను. (పత్రం 2) డిక్రీ తెలిసిన తేదీ నుండి 30 రోజుల్లోపే ఈ పిటిషన్ వేస్తున్నాను.

7. 12-10-2022న నా బ్యాంకు ఖాతా నుండి వాది ఖాతాకు రూ. 1,50,000 జమ చేశాను. (పత్రం 3, స్టేట్‌మెంట్) ఈ చెల్లింపు నోటు వెనుక రాయించలేదు. డిక్రీలో కూడా దీన్ని మినహాయించలేదు.

8. కావున 22-04-2024 తేదీ ఏకపక్ష డిక్రీని రద్దు చేసి, దావాను తిరిగి ఫైలులోకి తీసుకొని, జవాబు దావా దాఖలు చేసుకునే అవకాశం ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. లేనిపక్షంలో చెల్లించిన సొమ్మునే మళ్లీ చెల్లించి తీరని నష్టపోతాను.

వెరిఫికేషన్

పై 1, 3, 6, 7 పేరాల్లోని విషయాలు, 2వ పేరాలో సంతకం సంగతి, 4వ పేరాలో నా నివాసం, నాకు సమాచారం లేకపోవడం గురించి చెప్పినవి నా స్వయం ఎరుక మేరకు నిజం. 2, 4 పేరాల్లో మిగిలినవి, 5వ పేరా కోర్టు రికార్డును బట్టి తెలిసినవి, నిజమని నమ్ముతున్నాను. 8వ పేరా నా ప్రార్థన. ఏ ముఖ్య విషయమూ దాచలేదు.

కొట్టివేతలు, దిద్దుబాట్లు: లేవు

సం/- మద్దాల శ్రీనివాసరావు
ప్రమాణకర్త

ప్రమాణకర్త పై విషయాలు చదువుకొని, సరిగా ఉన్నవని ఒప్పుకొని, 25-09-2024న తెనాలిలో నా ఎదుట ప్రమాణం చేసి సంతకం చేశారు.

సం/- అడ్వకేట్, తెనాలి